రెండంచెల లాగిన్ ఏ దాడిని ఆపుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

ప్రశ్న: మా చిన్న కార్యాలయంలో ఇరవై మందిమి ఉంటాం. అందరూ ఈమెయిల్‌కు రెండంచెల లాగిన్ పెట్టుకోవాలని చెప్పారు. నా పాస్‌వర్డ్ పొడుగ్గా, బలంగానే ఉంది. ఈ రెండో అంచె అసలు ఏ దాడులను ఆపుతుంది, వేటిని ఆపలేదు? ఎస్సెమ్మెస్, యాప్ కోడ్, యూఎస్‌బీ కీ అని మూడు చూపిస్తోంది. ఏది పెట్టుకున్నా ఒకటేనా?

జవాబు:

ఒకటే కాదు. మూడింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నా, ఒకటి ఆపే దాడిని మరొకటి ఆపలేదు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే మీ మొదటి ప్రశ్నకు కూడా జవాబు అందులోనే దొరుకుతుంది కనుక, యాప్ చూపించే ఆరంకెల కోడ్‌ను మధ్యలో పెట్టుకుని, దానికి ఇటు ఎస్సెమ్మెస్‌నూ అటు యూఎస్‌బీ కీనీ పోల్చుతూ చెబుతాను.

పాస్‌వర్డ్ అనేది మీకు తెలిసిన ఒక మాట. తెలిసిన మాటతో వచ్చే చిక్కు ఏమిటంటే, దాన్ని ఎవరైనా కాపీ చేసుకున్నా మీ దగ్గర అది ఎప్పటిలాగే ఉంటుంది. పోయిందన్న సంగతి మీకు తెలియదు. అందుకని రెండో రుజువుగా మరో మాటను కాక, వేరే జాతికి చెందినదాన్ని అడుగుతారు: మీ చేతిలో ఉన్న వస్తువు, లేదా మీ వేలిముద్ర వంటి శరీర లక్షణం. పాస్‌వర్డ్ తర్వాత ‘మీ మొదటి బడి పేరేమిటి’ అని అడిగే పద్ధతి రెండంచెలుగా కనిపించినా, అది రెండో పాస్‌వర్డే తప్ప రెండో అంచె కాదు. మొదటిదాన్ని దొంగిలించిన దారిలోనే రెండోదీ పోతుంది.

మీ పాస్‌వర్డ్ బలంగా ఉందన్నారు. ఆ బలం ఊహించే దాడికి మాత్రమే అడ్డు. ఎక్కువ ఖాతాలు పోయేది ఊహించడం వల్ల కాదు. ఎక్కడో ఒక చిన్న వెబ్‌సైట్ నుంచి ఈమెయిల్ చిరునామాలూ పాస్‌వర్డ్‌లూ జంటలుగా బయటపడతాయి; దాడి చేసేవాడు ఆ జాబితాను ఒక ప్రోగ్రామ్‌కు ఇచ్చి, అవే జంటలను వందలాది ఇతర సేవల మీద వరుసగా ప్రయత్నింపజేస్తాడు. ఇరవై అక్షరాల పాస్‌వర్డ్‌నైనా రెండు చోట్ల వాడి ఉంటే, ఈ దాడి ముందు దాని పొడుగుకు విలువ లేదు. ఇలాగే కీబోర్డు మీద నొక్కినవన్నీ నమోదు చేసే వైరస్ ముందు కూడా పొడుగుకు విలువ ఉండదు.

రెండంచెల లాగిన్ ఖాయంగా ఆపేది ఈ కోవకు చెందిన దాడులనే. ప్రోగ్రామ్ సరైన పాస్‌వర్డ్‌నే ఇస్తుంది, సర్వర్ వెంటనే కోడ్ అడుగుతుంది, అక్కడితో ప్రోగ్రామ్ నిలిచిపోతుంది. లక్షల ఖాతాల మీద ప్రయత్నించేవాడికి ఒక్కొక్కరి ఫోన్ వెంట పడే తీరిక ఉండదు కాబట్టి, అతడు మీ ఖాతాను వదిలి తర్వాతి వరుసకు వెళ్తాడు. 2019లో గూగుల్ రెండు విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి ప్రకటించిన ఫలితాల్లో, ఎస్సెమ్మెస్ కోడ్ ఇలాంటి యాంత్రిక దాడులను 100 శాతం, గంపగుత్తగా పంపే ఫిషింగ్‌ను, అంటే నకిలీ సందేశాలతో పాస్‌వర్డ్ రాబట్టే మోసాన్ని, 96 శాతం, ఒక వ్యక్తిని ఎంచుకుని చేసే దాడులను 76 శాతం ఆపింది. సెక్యూరిటీ కీ, అంటే మీరు చూసిన యూఎస్‌బీ కీ వంటిది, మూడింటినీ 100 శాతం ఆపింది. మొదటి అంకెలో ఏ పద్ధతికీ తేడా లేదు. పెద్ద తేడా చివరి అంకెలో ఉంది. మిగిలిన ఆ 24 శాతం ఎలా లోపలికి వచ్చిందన్నదే ఈ జవాబులో ముఖ్యమైన భాగం.

దానికి ముందు కోడ్ ఎలా పుడుతుందో ఒకసారి చూడాలి. యాప్‌ను జతచేసేటప్పుడు మీరు స్కాన్ చేసే క్యూఆర్ చిత్రంలో ఉండేది ఇలాంటి ఒక వరుస మాత్రమే:

```
otpauth://totp/Mail:user@example.com?secret=GEZDGNBVGY3TQOJQGEZDGNBVGY3TQOJQ&issuer=Mail
```

ఇందులో `secret` తర్వాత ఉన్నది రహస్య సంఖ్య. ఇది మీ ఫోన్‌లో ఒక ప్రతిగా, సర్వర్‌లో మరొక ప్రతిగా నిలిచిపోతుంది. ఆ తర్వాత రెండింటి మధ్య మాటలేమీ ఉండవు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఎవరికి వారు చూసుకుని, దాన్ని 30తో భాగించి, వచ్చిన పూర్ణసంఖ్యనూ రహస్య సంఖ్యనూ హెచ్‌మ్యాక్ అనే గణిత ప్రక్రియలో కలుపుతారు. 2011లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే ప్రమాణ పత్రంలో ఈ పద్ధతి ఉంది. దాని పరీక్ష ఉదాహరణలో 59వ సెకను తీసుకుంటారు: 59ని 30తో భాగిస్తే 1. పైన చూపిన రహస్యంతో ఆ 1ని కలిపి, వచ్చిన ఫలితంలోంచి ఒక ముక్క తీస్తే 1094287082 వస్తుంది. దాని చివరి ఆరు అంకెలు 287082. యాప్ తెర మీద కనిపించే కోడ్ అదే. లైనక్స్ కంప్యూటర్‌లో `oathtool` ఉంటే మీరే సరిచూసుకోవచ్చు. అదే రహస్యాన్ని ఇక్కడ హెక్స్ రూపంలో ఇస్తున్నాను.

```
oathtool --totp --now "1970-01-01 00:00:59 UTC" \
  3132333435363738393031323334353637383930
287082
```

ఈ లెక్క నుంచి కొన్ని సంగతులు నేరుగా తేలుతాయి. ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా కోడ్ వస్తుంది, ఎందుకంటే దానికి కావలసింది గడియారం ఒక్కటే. ఫోన్ సమయం ఒకటి రెండు నిమిషాలు తప్పితే మాత్రం కోడ్ సరిగ్గా టైప్ చేసినా తప్పంటుంది. ‘నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ ఏ కోడ్ ఇచ్చినా ఒప్పుకోవడం లేదు’ అనే ఫిర్యాదు వస్తే నేను మొదట చూసేది ఫోన్‌లో ఆటోమేటిక్ సమయం ఆపేసి ఉందా అన్నదే. ఇక ఆ క్యూఆర్ చిత్రం ఎవరి దగ్గర ఉంటే వారికి మీ కోడ్‌లన్నీ, ఇవాళ్టివీ వచ్చే ఏడాదివీ కూడా, ఉన్నట్టే. నేను పనిచేసిన ఒక సంస్థలో ఒకరు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, పోకుండా ఉంటుందని అదే ఈమెయిల్ ఖాతాలోకి తనకు తానే పంపుకున్నారు. ఇంటి తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టయింది, పైగా ఒకసారి లోపలికి వచ్చిన దొంగకు ఎప్పటికీ పనికొచ్చే తాళంచెవి.

ఆరు అంకెలను ఊహించడం సాధ్యమా అని చాలామంది అడుగుతారు. అది సర్వర్ నడిపేవారి మీద ఆధారపడి ఉంటుంది. గడియారాల తేడా కోసం సర్వర్ ముందు కోడ్‌నూ తర్వాతి కోడ్‌నూ కూడా ఒప్పుకుంటోందనుకుందాం. అప్పుడు పది లక్షల సంఖ్యల్లో మూడు చెల్లుతాయి. పాస్‌వర్డ్ అప్పటికే తెలిసినవాడు సెకనుకు పది చొప్పున అడ్డూ ఆపూ లేకుండా ప్రయత్నించగలిగితే, సుమారు ఆరున్నర గంటల్లో ఒకటి తగిలే అవకాశం సగానికి చేరుతుంది. ఐదు తప్పులకు ఖాతాను ఆపేసే సర్వర్ మీద అదే అవకాశం పది లక్షల్లో పదిహేను. అంటే కోడ్ బలం అంకెల సంఖ్యలో కంటే తప్పులు లెక్కపెట్టే ఏర్పాటులోనే ఎక్కువగా ఉంది. పేరున్న సేవల్లో ఈ ఏర్పాటు మామూలుగా ఉంటుంది. సొంతంగా రాయించుకున్న అప్లికేషన్లలో మాత్రం తప్పకుండా అడిగి తెలుసుకోవాలి.

ఈ లెక్కలో లేనిదేమిటో ఇప్పుడు గమనించండి. గడియారం ఉంది, రహస్యం ఉంది. ఆ కోడ్‌ను ఎవరు అడిగారు, ఏ పేజీలో టైప్ చేయబోతున్నారు అన్నది ఎక్కడా లేదు. 287082 అనే సంఖ్యకు తాను అసలు సైట్‌లోకి వెళ్తోందో నకిలీ సైట్‌లోకి వెళ్తోందో తెలియదు. ఆ తీర్పు పూర్తిగా మీ కళ్లకు వదిలేసినట్టే.

దీన్ని వాడుకునే దాడి ఇలా జరుగుతుంది. మీ అసలు లాగిన్ పేజీ `mail.example.com` అనుకుందాం. మీకు ‘మీ పాస్‌వర్డ్ గడువు ఈరోజుతో ముగుస్తుంది’ అని ఒక సందేశం వస్తుంది, లింకు `mail-example.test` అని ఉంటుంది. నొక్కితే అచ్చం మీ పేజీయే కనిపిస్తుంది. అది బొమ్మ పేజీ కూడా కాదు, మధ్యలో కూర్చున్న ఒక ప్రోగ్రామ్ అసలు సైట్ నుంచి అప్పటికప్పుడు తెచ్చి చూపిస్తున్న పేజీ. మీరు పాస్‌వర్డ్ టైప్ చేసిన సెకనులోనే ఆ ప్రోగ్రామ్ దాన్ని అసలు సర్వర్‌కు అందిస్తుంది. అసలు సర్వర్ నిజంగానే కోడ్ అడుగుతుంది, ఆ అడిగే పేజీ మీ ముందుకు వస్తుంది. మీరు యాప్ తెరిచి కోడ్ టైప్ చేయడానికి పది పన్నెండు సెకన్లు పడుతుంది. ప్రోగ్రామ్ దాన్ని మరో సెకనులో అసలు సర్వర్‌కు చేరవేస్తుంది. ముప్పై సెకన్ల గడువు ఇంకా తీరలేదు కనుక కోడ్ చెల్లుతుంది. సర్వర్ లాగిన్ పూర్తయిందనడానికి గుర్తుగా బ్రౌజర్ దాచుకునే ఒక సెషన్ కుకీ ఇస్తుంది, ఆ కుకీ మధ్యవాడి దగ్గర ఉండిపోతుంది. మీకు మామూలు ఇన్‌బాక్సే కనిపించవచ్చు, లేదా ‘కాసేపాగి ప్రయత్నించండి’ అని రావచ్చు.

ఒకసారి వాడిన కోడ్‌ను సర్వర్ రెండోసారి ఒప్పుకోకూడదని ఆర్‌ఎఫ్‌సీ 6238లో స్పష్టంగా ఉంది. కానీ ఇక్కడ అది అక్కరకు రాదు, ఎందుకంటే మొదటిసారి వాడింది మధ్యవాడే. కోడ్ గడువును పదిహేను సెకన్లకు తగ్గించినా ఈ దాడి ఆగదు. యంత్రానికి ఆ మాత్రం కూడా అవసరం లేదు, ఇబ్బంది పడేది మీరే. పాస్‌వర్డ్‌లు పోగుచేసి తీరిగ్గా అమ్ముకునే పాతకాలపు ఫిషింగ్‌ను మాత్రం కోడ్ ఆపుతుంది, కొన్నవాడు వాడేసరికి ఆ కోడ్ చచ్చిపోయి ఉంటుంది కాబట్టి. పైన చెప్పిన 96 శాతంలో ఎక్కువ భాగం ఈ రకమేనని నా అభిప్రాయం. మధ్యలో కూర్చునే ప్రోగ్రామ్‌లు ఇప్పుడు తయారుగా దొరుకుతున్నాయి కనుక 2019 నాటి ఆ అంకె మీద ఈరోజు నేనైతే అంతగా ఆధారపడను.

ఈ దాడి నిజంగా జరిగిన ఒక సందర్భాన్ని క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తానే బయటపెట్టింది. 2022 జూలై 20న ఒక నిమిషంలోపే ఆ సంస్థలో కనీసం 76 మంది ఉద్యోగుల ఫోన్‌లకు, కొందరి కుటుంబసభ్యుల ఫోన్‌లకు కూడా, ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. లింకులోని `cloudflare-okta.com` అనే డొమైన్‌ను దానికి నలభై నిమిషాల లోపలే నమోదు చేశారు. ఆ పేజీలో టైప్ చేసిన పాస్‌వర్డ్ టెలిగ్రామ్ ద్వారా అప్పటికప్పుడే దాడిదారుడికి చేరేది, తర్వాత పేజీ ఆరంకెల కోడ్ అడిగేది. ముగ్గురు ఉద్యోగులు మోసపోయి తమ పాస్‌వర్డ్ ఇచ్చేశారు. ముగ్గురూ సాంకేతిక సంస్థలో పనిచేసేవారే అన్నది గుర్తుంచుకోదగ్గది; జాగ్రత్తగా చూడమని చెప్పడం మీద మాత్రమే ఆధారపడే రక్షణ ఎంత పల్చనిదో అక్కడ తెలుస్తుంది. అయినా దాడిదారుడు లోపలికి రాలేకపోయాడు. కారణం, ఆ సంస్థ ఉద్యోగులు కోడ్‌లు వాడరు, ఒక్కొక్కరికీ భౌతికమైన సెక్యూరిటీ కీ ఇచ్చారు. పేజీ కోడ్ అడిగింది, ఇవ్వడానికి వారి దగ్గర కోడ్ అనేదే లేదు. అదే రోజుల్లో దాదాపు ఇదే తరహా దాడికి గురైన ట్విలియో అనే మరో సంస్థలో దాడిదారులు లోపలి వ్యవస్థల దాకా చేరారు.

మీకు చూపిస్తున్న యూఎస్‌బీ కీ చేసే పని వేరు. దాన్ని ఒక సైట్‌లో నమోదు చేసినప్పుడు కీ తన లోపల ఆ సైట్ కోసమే ఒక కొత్త తాళాల జంటను పుట్టిస్తుంది. అందులో సంతకం చేసే తాళం మీ కీతోనే ఉంటుంది, సరిచూసే తాళం ఒక్కటే సర్వర్‌కు వెళ్తుంది. సర్వర్‌ను ఎవరైనా దోచుకున్నా వారికి దొరికేది సరిచూసే తాళమే, దానితో సంతకం చేయలేరు. యాప్ కోడ్ విషయంలో సర్వర్‌లో ఉన్న ప్రతి కూడా అసలు రహస్యమే అని పైన చూశాం. లాగిన్ సమయంలో సర్వర్ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. కీ దాని మీద సంతకం చేయాలి. అయితే సంతకం చేసే పత్రాన్ని సిద్ధం చేసేది మీరు కాదు, సైట్ కాదు, బ్రౌజర్. అది ఇలా ఉంటుంది:

```
{"type": "webauthn.get",
 "challenge": "...",
 "origin": "https://mail-example.test"}
```

మూడో వరుసలో ఉన్నది మీ కళ్లకు కనిపించిన పేరు కాదు, బ్రౌజర్ నిజంగా కలుసుకున్న చిరునామా. నకిలీ పేజీ మీదుగా వస్తే అక్కడ నకిలీ పేరే పడుతుంది, దాన్ని మార్చే అవకాశం పేజీకి ఉండదు. మధ్యవాడు ఆ సంతకాన్ని అసలు సర్వర్‌కు చేరవేస్తే సర్వర్ ఆ వరుస చూసి తిప్పికొడుతుంది. పత్రాన్ని దారిలో దిద్దితే సంతకం సరిపోదు. నిజానికి వ్యవహారం అంతదాకా రాదు: `mail-example.test` పేరుతో నమోదైన తాళం కీలో లేదు కనుక బ్రౌజర్ ముందే కుదరదంటుంది. మీరు ఎంత నమ్మి, ఎంత తొందరపడి ఆ కీని తాకినా ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఈ పద్ధతి 2019లో వెబ్‌ఆథెన్ అనే పేరుతో ప్రపంచ వెబ్ ప్రమాణమైంది. మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉండే పాస్‌కీ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది.

ఇప్పుడు ఎస్సెమ్మెస్ ఎక్కడ నిలుస్తుందో చెప్పడం తేలిక. నకిలీ పేజీ ముందు యాప్ కోడ్‌కు ఉన్న బలహీనత దీనికీ ఉంది, పైగా మరొకటి ఉంది: ఫోన్ నంబర్ మీ చేతిలోని వస్తువు కాదు, ఫోన్ కంపెనీ పుస్తకంలో మీ పేరున ఉన్న ఒక వరుస. ఎవరైనా మీలా నటించి, సిమ్ పోయిందని చెప్పి ఆ వరుసను తమ సిమ్‌కు మార్పించుకుంటే, కోడ్‌లు వారికి వెళ్తాయి. ఉన్నట్టుండి మీ ఫోన్‌లో సిగ్నల్ పూర్తిగా పోయి, పక్కవారి అదే నెట్‌వర్క్ బాగా పనిచేస్తుంటే ఇది గుర్తుకు రావాలి. 2018లో రెడ్డిట్ సంస్థ తన ఉద్యోగుల ఖాతాలు కొన్ని ఎస్సెమ్మెస్ కోడ్‌లను అడ్డగించడం వల్లనే పోయాయని ప్రకటించింది. అయినప్పటికీ ఎస్సెమ్మెస్ తప్ప వేరే దారి లేని సేవలో దాన్ని పెట్టుకోవడమే మేలు, ఎందుకంటే ముందు చెప్పిన జాబితా దాడిని అది కూడా పూర్తిగా ఆపుతుంది.

మీ జాబితాలో లేకపోయినా నాలుగోది ఒకటి ఎదురుకావచ్చు, ఫోన్ మీద ‘మీరేనా? అవును, కాదు’ అని అడిగేది. దీన్ని ఓడించేది విసుగు. 2022 సెప్టెంబర్‌లో ఊబర్ చెప్పిన దాని ప్రకారం, ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డ్ చేతికి చిక్కినవాడు పదేపదే లాగిన్ ప్రయత్నిస్తూ పోయాడు, ప్రతిసారీ ఆ వ్యక్తి ఫోన్‌కు అనుమతి అడిగే సందేశం వచ్చింది, చివరికి ఒకసారి ఆ వ్యక్తి అనుమతించాడు. లాగిన్ తెర మీద కనిపించే రెండంకెల సంఖ్యను ఫోన్‌లో టైప్ చేయమనే పద్ధతి ఇందుకే వచ్చింది; తెర ముందు లేనివాడికి ఆ సంఖ్య తెలియదు కనుక విసుగుతో ఒప్పుకోవడం కుదరదు. కానీ మధ్యవాడి నకిలీ పేజీ ఆ సంఖ్యను కూడా మీకు చూపించగలదు. అందుకని ఇది ఒక దాడికి మాత్రమే మందు.

ఏ రెండో అంచె అయినా, కీతో సహా, కాపలా కాసేది లాగిన్ అనే ఒక్క క్షణాన్నే. ఆ తర్వాత సర్వర్ ప్రతి పేజీకీ మిమ్మల్ని మళ్లీ అడగకుండా ఒక సెషన్ కుకీ ఇస్తుంది, అది ఉన్నవారే మీరు. మీ కంప్యూటర్‌లోకి వైరస్ వచ్చి బ్రౌజర్ దాచుకున్న కుకీలను ఎత్తుకుపోతే, దొంగకు పాస్‌వర్డ్ అక్కరలేదు, కోడ్ అక్కరలేదు, కీ అక్కరలేదు. సర్కిల్‌సీఐ అనే సంస్థ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది: 2022 డిసెంబర్‌లో ఒక ఇంజినీరు ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన వైరస్ అప్పటికే రెండంచెలు దాటిన సెషన్‌ను దొంగిలించింది, యాంటీవైరస్ దాన్ని పసిగట్టలేదు. ఇలాంటి సందర్భంలో పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే చాలదు. కొన్ని సేవల్లో పాస్‌వర్డ్ మారినా పాత సెషన్లు బతికే ఉంటాయి. ఖాతా సెట్టింగులలో ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ అనేదాన్ని వెతికి నొక్కాలి. అదీ ముందు కంప్యూటర్‌ను శుభ్రం చేశాక, లేదా మరొక కంప్యూటర్ నుంచి.

మరొక పక్కదారి ఖాతా పునరుద్ధరణ. ‘నా కీ పోయింది’ అని నొక్కగానే ఎస్సెమ్మెస్ కోడ్ పంపే ఖాతాకు కీ ఉన్నా, ఆ ఖాతా బలం ఎస్సెమ్మెస్ బలమే. దాడిదారుడు ఎప్పుడూ బలహీనమైన తలుపునే ఎంచుకుంటాడు. మధ్యలో కూర్చున్న పేజీ కూడా అదే చేస్తుంది: కీ అడిగే తెరను దాచి ‘వేరే పద్ధతిలో ప్రయత్నించండి’ అనేదాన్ని మీ ముందు పెడుతుంది. మీరు రోజూ కీ తాకే చోట ఒకరోజు అకస్మాత్తుగా కోడ్ అడిగితే, అక్కడ ఆగి చిరునామా పట్టీ చూడండి.

మీ ఇరవై మంది విషయంలో నేనైతే ఇలా చేస్తాను. అందరి ఖాతాలను తెరవగల అడ్మిన్లకూ, డబ్బు వ్యవహారాలు చూసేవారికీ ఒక్కొక్కరికి రెండు కీలు ఇచ్చి, రెండింటినీ నమోదు చేయించి, రెండోదాన్ని కార్యాలయంలో తాళం వేసిన చోట ఉంచుతాను. ఆ ఖాతాల్లో ఎస్సెమ్మెస్‌నూ యాప్ కోడ్‌నూ ప్రత్యామ్నాయంగా కూడా ఉండనివ్వను. మిగతావారికి పాస్‌కీ కుదిరితే అది, లేకపోతే యాప్ కోడ్. నమోదు సమయంలో సేవ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాయిస్తాను, కంప్యూటర్‌లో కాదు. పాత ఈమెయిల్ ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్ ఒక్కదానితోనే సర్వర్‌లోకి వెళ్లే దారి తెరిచి ఉంటే దాన్ని అడ్మిన్ సెట్టింగులలో మూసేస్తాను. రెండో అంచె అడగని ఆ దారి ఒక్కటి తెరిచి ఉన్నా, జాబితా దాడికి అది చాలు.

చివరగా, గమనించవలసిన ఒక గుర్తు. మీరు ఏ లాగిన్ చేయకపోయినా ఎస్సెమ్మెస్ కోడ్ గానీ అనుమతి అడిగే సందేశం గానీ వస్తే, చాలా సేవల్లో దానర్థం ఎవరో మీ పాస్‌వర్డ్‌ను అప్పటికే సరిగ్గా ఇచ్చేశారని. రెండో అంచె పనిచేసినందుకు సంతోషించి ఊరుకోకుండా ఆ పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చండి, సందేశంలోని లింకు నొక్కకుండా చిరునామా మీరే టైప్ చేసి. యాప్ కోడ్ వాడేవారికి ఈ హెచ్చరిక ఫోన్‌కు రాదు, ఎందుకంటే యాప్‌కు సర్వర్‌తో మాటల్లేవు. వారి విషయంలో అడ్మిన్ తానే వారానికోసారి లాగిన్ చిట్టా తెరిచి, పాస్‌వర్డ్ సరిపోయి రెండో అంచె దగ్గర ఆగిపోయిన ప్రయత్నాలు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడాలి.